పాత కారు కొనేముందు అతుకులు చూడండి

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లినప్పుడు మనలో చాలామంది ముందుగా చేసేవి మూడు పనులు. బండి చుట్టూ తిరిగి గీతలు, సొట్టలు చూస్తాం. ఇంజన్ స్టార్ట్ చేయించి చప్పుడు వింటాం. మీటర్లో ఎన్ని కిలోమీటర్లు పడ్డాయో చూస్తాం. మనం ఈ మూడూ చూస్తామని అమ్మేవారికి ముందే తెలుసు. అందుకే గీతలకు పాలిష్ పడుతుంది, ఇంజన్ గది కడిగించి తళతళలాడిస్తారు, మీటర్ వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు. ఇంజన్ ఎలాగూ ముఖ్యమే కదా అంటారేమో. ముఖ్యమే. కానీ ఇంజన్ పాడైతే విప్పి బాగుచేయించవచ్చు, మరీ కాదంటే వేరేది వేయించవచ్చు. క్లచ్, బ్రేకులు, ఏసీ, బ్యాటరీ ఏదైనా అంతే, డబ్బు పెడితే మారుతుంది. కారులో మార్చడానికి వీల్లేనిది ఒక్కటే ఉంది. అది దాని బాడీ. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు, సెడాన్లు దాదాపు అన్నింటికీ విడిగా ఛాసిస్ ఉండదు. నేల, స్తంభాలు, పైకప్పు, ముందూ వెనకా ఉండే దూలాలు, అన్నీ ఒకదానికొకటి వెల్డింగుతో అతికిన ఒకే ఇనుప పెట్టె అది. దాన్నే మోనోకాక్ అంటారు. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్ వంటి వాటికి కింద వేరే ఛాసిస్ ఉంటుంది గానీ, ఈ రోజు చెప్పబోయే సంగతుల్లో చాలావరకు వాటికీ పనికొస్తాయి. కాబట్టి పరీక్ష బాడీతో మొదలుకావాలని, బాడీలోనూ మెరిసే రేకుల దగ్గర ఆగిపోకుండా వాటి అతుకుల దగ్గరికి వెళ్లాలని నా వాదన.

ఎందుకు అతుకులు? ఫ్యాక్టరీలో కారు తయారయ్యే వరస తెలిస్తే ఇది అర్థమవుతుంది. ముందు ఇనుప పెట్టెను వెల్డింగు చేస్తారు. తర్వాత డోర్లు, బానెట్, డిక్కీ తలుపు, ముందు చక్రాల పైన ఉండే ఫెండర్లు బోల్టులతో బిగిస్తారు. అప్పుడు మొత్తం బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి, ఆపైన రంగు కొడతారు. ఇంజన్, సీట్లు, అద్దాలు, బంపర్లు వచ్చేది దాని తర్వాతే. అంటే ఫెండర్ బోల్టు తల మీద, డోరు కీలు బోల్టు మీద కూడా బాడీ రంగే ఉండాలి, అది పగలకుండా ఉండాలి. స్పానర్ ఒక్కసారి పడితే చాలు, బోల్టు అంచుల్లో రంగు చిట్లుతుంది. అలాగే రేకుల మడతల్లో నీళ్లు దిగకుండా పూసే సీలెంట్ కూడా ఫ్యాక్టరీలో ఒకే మందంతో, ఒకే తీరులో పడుతుంది. షెడ్డులో చేత్తో పూసింది కొన్నిచోట్ల లావుగా, కొన్నిచోట్ల పల్చగా ఉంటుంది. కొత్తగా పూసిందైతే గోరు గుచ్చుకుంటుంది కూడా. రేకు పైభాగాన్ని మళ్లీ అందంగా చేయడం మంచి పెయింటర్‌కు కష్టం కాదు. ఫ్యాక్టరీ అతుకును మళ్లీ అచ్చుగుద్దినట్టు చేయడం మామూలు షెడ్డులో దాదాపు జరగని పని. బండి గురించి నిజం అక్కడే నిలిచి ఉంటుందనడానికి కారణం ఇదే.

ఇక బండి దగ్గరికి వెళ్దాం. పగటి వెలుతురులో, ఆరిన బండినే చూడాలి. అప్పుడే కడిగి తడిగా ఉన్న కారు మీద సన్నని గీతలూ, రంగు తేడాలూ కనిపించవు. రాత్రిపూట కన్సల్టెన్సీ లైట్ల కింద అన్ని కార్లూ బాగానే ఉంటాయి. కారుకు ఒక మూల నిలబడి, ఒక పక్క పొడవునా చూపు పారించండి. ఎదుటి గోడో చెట్టో ఆ రేకుల్లో ప్రతిబింబిస్తూ ఉంటుంది. ఆ ప్రతిబింబం ఎక్కడైనా వంకరపోతే అక్కడ లప్పం పెట్టి సాపు చేసి ఉండవచ్చు. తర్వాత సందులు చూడండి. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య, డోరుకూ డోరుకూ మధ్య ఉండే సందు కుడివైపు ఎంతుందో ఎడమవైపూ అంతే ఉండాలి, మొదట ఎంతుందో చివరా అంతే ఉండాలి. సాధారణంగా అది 3 నుంచి 5 మిల్లీమీటర్లు. అసలు కొలత మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి అంకె కన్నా రెండు వైపుల పోలిక ముఖ్యం. రంగు మందం కొలిచే చిన్న మీటర్లు కొన్ని వేల రూపాయలకు దొరుకుతున్నాయి, పరీక్షలు చేసే మెకానిక్‌ల దగ్గరా ఉంటున్నాయి. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 250 దాటితే మళ్లీ రంగు పడిందని, 500 దాటి వెయ్యి వైపు పోతుంటే కింద లప్పం ఉందని అనుకోవచ్చు. ముందు పైకప్పు మీద కొలిచి ఆ అంకెను గుర్తుపెట్టుకుని, మిగతా రేకులను దాంతో పోల్చండి. ప్లాస్టిక్ బంపర్ల మీద ఈ మీటర్ పనిచేయదు. బంపర్ రంగు పక్క రేకు రంగుతో కొద్దిగా కలవకపోవడం కొత్త కార్లలోనూ ఉండేదే, దాన్ని పట్టుకుని అమ్మేవారితో వాదించనక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. రంగు పడిన ప్రతి బండీ యాక్సిడెంట్ బండేనా? కాదు. మన వీధుల్లో ఐదారేళ్లు తిరిగిన కారుకు ఒక్క రేకు కూడా రంగు పడకుండా ఉండటమే అరుదు. పార్కింగ్‌లో ఎవరో బైకుతో గీస్తారు, ఆటో తగులుతుంది. మన ఎండలకు బానెట్ మీద, పైకప్పు మీద పై పొర తెల్లబారిపోతే మళ్లీ రంగు కొట్టిస్తారు. అందుకే రంగు పడిందా అన్నది అసలు ప్రశ్న కాదు. దెబ్బ ఎంత లోపలికి వెళ్లింది అన్నదే ప్రశ్న. బోల్టుతో బిగించిన రేకు దగ్గర ఆగిందా, వెల్డింగు చేసిన భాగం దాకా పోయిందా? బానెట్, ముందు ఫెండర్లు, డోర్లు, డిక్కీ తలుపు బోల్టులవి. ఇవి మారినా బండి బలం అలాగే ఉంటుంది, ధర కొద్దిగా తగ్గించమని అడగవచ్చు, అంతే. వెనక చక్రాల మీది రేకు, స్తంభాలు, పైకప్పు, డోర్ల కింద నిడివిగా ఉండే రన్నింగ్ బోర్డు, ముందు ఫెండర్ వెనక దాగి ఉండే యాప్రాన్, ఇంజన్‌ను మోసే రెండు దూలాలు వెల్డింగువి. ఇవి కోసి అతికించారంటే లెక్క వేరు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడుద్దాం. 2018లో తయారైన ఒక వెండి రంగు హ్యాచ్‌బ్యాక్ అనుకోండి. చూడటానికి ముచ్చటగా ఉంది. కుడి హెడ్‌లైట్ ఎండకు కొంచెం పసుపెక్కింది, ఎడమది కొత్తదానిలా తేటగా ఉంది. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు కుడివైపు అంతటా 4 మిల్లీమీటర్లే. ఎడమవైపు అద్దం దగ్గర 4 ఉండి, హెడ్‌లైట్ దగ్గరికి వచ్చేసరికి 7 అయింది. ఇంతవరకూ తేలింది ఎడమ ముందు మూల ఏదో తగిలిందని మాత్రమే. బానెట్ ఎత్తండి. ఎడమ ఫెండర్ బోల్టుల మీద రంగు చిట్లి ఉంది, కుడివాటి మీద లేదు. అంటే ఫెండర్ విప్పారు. కొత్తది వేశారో, పాతదాన్నే టింకరింగ్ చేసి బిగించారో తెలియదు, తెలియకపోయినా పర్వాలేదు. ఎందుకంటే మనకు కావలసింది దాని వెనక ఉన్న యాప్రాన్. ఫ్యాక్టరీ వెల్డింగు చుక్కలు చుక్కలుగా, చిన్న గుండ్రటి గుంటల్లా, ఒక వరసలో దాదాపు సమాన దూరంలో ఉంటుంది. కుడివైపు ఆ వరసను చూసి, ఎడమవైపు చూడండి. రెండూ ఒకేలా ఉండి, సీలెంట్ కూడా రెండువైపులా ఒకేలా ఉంటే, ఈ కారుకు బయటి రేకు దగ్గరే దెబ్బ ఆగిపోయింది. హెడ్‌లైట్ మారి, ఫెండర్ విప్పి బిగించిన మామూలు బండి ఇది, బేరం ఆడి కొనుక్కోవచ్చు. కానీ ఎడమవైపు చుక్కల బదులు గీతలా సాగిన వెల్డింగో, గ్రైండర్ గీరిన గుర్తులో, రంగు కింద ఉబ్బెత్తు లప్పమో కనిపిస్తే, అనుమానం కిందికి దిగుతుంది. ఇక బండి పైకెత్తాల్సిందే.

ఎత్తడం అన్నానని జాకీ మీద లేపి కిందికి దూరవద్దు. జాకీ జారితే ప్రాణం పోతుంది. వీల్ అలైన్‌మెంట్ చేసే టైర్ల షాపుకో, లిఫ్టు ఉన్న మెకానిక్ షెడ్డుకో తీసుకెళ్లండి. అక్కడ బండి కింద నిలబడి టార్చితో చూడవచ్చు. మన ఉదాహరణ కారుకు ముందు బంపర్ వెనక నుంచి రెండు చదరపు దూలాలు బయలుదేరి, ఇంజన్‌ను అటూ ఇటూ మోస్తూ, డ్రైవర్ కాళ్ల కింద నేలలోకి కలిసిపోతాయి. కుడి దూలాన్ని చూసి ఎడమదాన్ని చూడండి. అంచులు సూటిగా ఉన్నాయా, ఎక్కడైనా ముడత పడిందా, సుత్తి దెబ్బల గుంటలున్నాయా, ఒక్కచోట మాత్రమే రంగు పెచ్చులూడిందా? దూలానికి ముడత పడిందంటే గుద్దుడు బలం మొత్తం అక్కడిదాకా వచ్చిందన్నమాట. తర్వాత రన్నింగ్ బోర్డు అడుగున రెండు రేకులు కలిసి నిలువుగా వేలాడే అంచును చివరి నుంచి చివరికి చూడండి. జాకీ పెట్టే చోట అది కొద్దిగా వంగి ఉంటే భయపడనక్కర్లేదు, పంక్చర్ షాపుల్లో జాకీ తప్పుగా పెట్టడం వల్ల అలా అవుతుంది. కానీ వరసగా పంటి గాట్లలాంటి గుర్తులు నాలుగు చోట్ల కనిపిస్తే, ఆ బండిని ఎప్పుడో క్లాంపులతో బిగించి, గొలుసులతో లాగి సరిచేశారని అర్థం. షెడ్డులో ఏ పెయింటరూ దృష్టి పెట్టని చోటు కాబట్టి ఈ గాట్లు చాలా బండ్ల మీద అలాగే మిగిలిపోతాయి. పని అయ్యాక ఆ అంచుకు మళ్లీ రంగు కొట్టినా గాటు లోతు పోదు.

ఆ అనుమానాన్ని తేల్చుకోవడానికి ఇంకొక సులువైన కొలత ఉంది. చక్రాలు సూటిగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు టేపుతో రెండు వైపులా కొలవండి. కొద్ది మిల్లీమీటర్ల తేడా వస్తుంది, మన చేయి అంతకన్నా కచ్చితంగా కొలవలేదు. సెంటీమీటరు దాటితే మాత్రం కారణం చెప్పమని అడగాలి. అలైన్‌మెంట్ మెషిన్ మీద ఎక్కిస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. సర్దడానికి వీలున్నంత సర్దినా ఒక చక్రం లెక్కలోకి రాకపోతే, అక్కడి సస్పెన్షన్ భాగమో, దాన్ని పట్టుకున్న బాడీయో వంగి ఉంది. టైర్లూ ఇదే చెబుతాయి, ఎడమ ముందు టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోయి ఉంటుంది. అందుకే అమ్మకానికి ముందు టైర్లు మార్చేవారూ ఉంటారు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. 30 వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ ఈ మధ్యే మారితే, మీటర్ అబద్ధమో, అరుగుదల దాచడమో జరిగి ఉండవచ్చు. అయితే టైర్లు ఆరేడేళ్లయి గట్టిపడితే తక్కువ తిరిగిన బండికీ మారుస్తారు. ఆ కారణమే చెబితే పాత టైర్లు మార్చిన బిల్లు చూపించమనండి.

పక్కన గుద్దిన బండిని పట్టుకోవడానికి కింద నుంచి చూడక్కర్లేదు. డోరు తెరిచి, చట్రం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగును చేత్తో మెల్లగా లాగండి, ఊడి వస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. దాని కింద రెండు రేకుల అంచు మీద వెల్డింగు చుక్కల వరస ఉంటుంది. నాలుగు డోర్ల దగ్గరా ఇది చూడటానికి పది నిమిషాలు చాలు. డోర్ల మధ్య స్తంభం దగ్గర ఆ చుక్కలు మాయమై నున్నగా ఉంటే, అక్కడ కోసి అతికించారు. వెనక నుంచి గుద్దిన బండికి డిక్కీ చాప ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి ఆ గుంట అడుగు చూడాలి. ఫ్యాక్టరీ గుంటలో మడతలు పదునుగా, సీలెంట్ శుభ్రంగా ఉంటుంది. సుత్తితో తీసిన గుంట అలలు అలలుగా ఉంటుంది, ఎంత రంగు కొట్టినా ఆ అలలు పోవు.

స్టెప్నీ గుంట ఇంకో సంగతి కూడా చెబుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నీళ్లలో ఎలా నిలబడిపోయాయో మనం చూశాం. వరద నీటిలో మునిగిన బండిని కడిగి, సీట్లు విప్పి ఆరబెట్టి, సెంటు చల్లి అమ్మవచ్చు. బయటి రేకు మీద దాని గుర్తేమీ ఉండదు. నీరూ బురదా నిలిచేది డబ్బాలా ఉన్న రన్నింగ్ బోర్డుల లోపల, స్తంభాల అడుగున, కార్పెట్ కింది స్పాంజిలో. అక్కడి నుంచి తుప్పు లోపలి వైపు నుంచి బయటికి తింటూ వస్తుంది, పైకి కనిపించేసరికి సగం రేకు పోయి ఉంటుంది. అందుకే సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. రోజూ ఎవరూ లాగని ఆ చివరి అడుగులో మట్టి మరక, రంగు తేడా ఉంటే నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయి. సీట్ల పట్టాల బోల్టుల మీద తుప్పు, ఫ్యూజు డబ్బా మూలల్లో ఎండిన ఒండ్రు, హెడ్‌లైట్ లోపల నీటి చారలు దానికి తోడు సాక్ష్యాలు. ఒక్క హెడ్‌లైట్‌లో చెమ్మ ఉన్నంత మాత్రాన వరద బండి కాదు, సీలు పోయినా అలా అవుతుంది. రెండు మూడు గుర్తులు ఒకే ఎత్తులో కలిసినప్పుడే తీర్పు చెప్పాలి.

అడుగున తుప్పు కనిపించగానే బండి వద్దనుకోవడమూ తప్పే. సైలెన్సర్ మీద, సస్పెన్షన్ ఆర్మ్‌ల మీద గోధుమ రంగు పొర మామూలు విషయం. విశాఖలోనో కాకినాడలోనో సముద్రగాలికి తిరిగిన బండికి అది కొంచెం ఎక్కువ ఉంటుంది. పొరలు పొరలుగా పెచ్చులూడే తుప్పు, అదీ వెల్డింగు అతుకుల వెంట, షాక్ అబ్జార్బర్లను బాడీకి బిగించిన చోట, రన్నింగ్ బోర్డు అడుగున ఉన్నదే ప్రమాదం. స్క్రూడ్రైవర్ పిడితో అక్కడ తట్టండి. గట్టి రేకు టంగుమంటుంది, తినేసిన రేకు మొద్దు చప్పుడు చేస్తుంది. అడుగంతా నల్లటి కోటింగ్ ఉంటే దాని వయసు చూడాలి. షోరూంలో కొన్నప్పుడే వేయించిన కోటింగ్ మీద ఏళ్ల దుమ్మూ మట్టీ పట్టి ఉంటుంది. నిగనిగలాడుతూ, బోల్టుల మీద, వైర్ల క్లిప్పుల మీద కూడా పడిపోయి, ఇంకా వాసన వస్తున్న కోటింగ్ నిన్నో మొన్నో కొట్టింది. అమ్మబోయే బండి అడుగుకు ఆ ఖర్చు ఎందుకు పెట్టారో అడగండి.

దూలం దాకా దెబ్బ తిన్నా మంచి చోట సరిచేయిస్తే తప్పేముంది అని అడగవచ్చు. కొలతలు చూపే బెంచి మీద, కంపెనీ చెప్పిన పద్ధతిలో చేస్తే నిజంగానే బాగవుతుంది. కానీ ఆ ముందు దూలాలు గుద్దుడు వచ్చినప్పుడు ఒక వరసలో మడత పడుతూ, లోపలి మనుషుల దాకా బలం రాకుండా ఆపేందుకు తయారైనవి. ఒకసారి మడత పడి సాగదీసిన ఇనుము రెండోసారి అదే వరసలో మడత పడదు. గట్టి స్టీలును గ్యాసుతో ఎర్రగా కాల్చి లాగితే దాని బలం తగ్గిపోతుంది. పని సరిగ్గా జరిగిందా లేదా అన్నది తర్వాత కొనేవారు బయటి నుంచి చూసి తేల్చలేరు. కొలతల కాగితం చూపించగలిగిన వర్క్‌షాపు బండి అయితే ధర గట్టిగా తగ్గించి ఆలోచించవచ్చు. కాగితం లేకపోతే ఎంత చౌకగా ఇస్తామన్నా వద్దనడమే మంచిది. కంపెనీ సర్టిఫై చేసింది, వందల పాయింట్లు చూశాం అనే రిపోర్టులకూ ఇదే కొలమానం. వైపర్ రబ్బరుకూ ఒక పాయింటే, ముందు దూలానికీ ఒక పాయింటే వేసే జాబితాలో మొత్తం మార్కులు చూసి ఉపయోగం లేదు. యాప్రాన్, స్తంభాలు, దూలాలు, స్టెప్నీ గుంట గురించి ఏం రాశారో ఆ నాలుగు చోట్లే వెతికి చదవండి, ఫొటోలు అడగండి.

చివరిగా ఒక మాట. బండి లిఫ్టు ఎక్కించడానికి కొందరు అమ్మకందారులు ఒప్పుకోరు. టైం లేదంటారు, వేరే పార్టీ వస్తున్నారంటారు. లిఫ్టు ఖర్చు నేనే పెట్టుకుంటానని చెప్పండి, వాళ్ల మనిషినే బండి నడపమనండి, ఒక గంట చాలు. ఛాసిస్ నంబర్ కొట్టిన చోట గీరిన గుర్తులు లేకుండా, అది ఆర్సీలో ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందో లేదో అప్పుడే చూసుకోండి. ఇంత చెప్పినా బండి పైకెత్తనివ్వకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి వచ్చేయండి.